గొట్టంలో అడ్డమా, ఊపిరితిత్తిలోనా?

అలారం మోగగానే కొత్తగా చేరిన సిస్టర్ చెయ్యి ఎటు వెళ్తుందో చూడటం నాకు అలవాటు. దాదాపు అందరి చెయ్యీ వెంటిలేటర్ తెర పక్కన గంట బొమ్మ ఉన్న మీట మీదికే వెళ్తుంది. అది నొక్కితే మోత ఆగుతుంది. చాలా మిషన్లలో ఆ నిశ్శబ్దం రెండు నిమిషాలు ఉంటుంది. ఆ రెండు నిమిషాలూ ఏదో సరిచేసినట్టే అనిపిస్తుంది గానీ, పేషెంటు ఛాతీలో జరిగేది జరుగుతూనే ఉంటుంది. బయట కుర్చీల్లో కూర్చున్న ఇంటివాళ్లకు మాత్రం ప్రతి మోతా ప్రాణం మీదికి వచ్చినట్టే వినిపిస్తుంది. "ఆ మిషను గట్ల ఒర్రుతుందేంది సిస్టర్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త సిస్టర్లకు మొదటి వారంలో నేను చెప్పేదంతా దానికి జవాబే. అందులోనూ ఎక్కువసేపు ఒక్క అలారం దగ్గరే ఆగుతాను. తెర మీద ఎర్రగా 'హై ప్రెషర్' అని వచ్చేది అదే.

మనం మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు గాలిని లోపలికి నెట్టం. ఛాతీ విచ్చుకుంటుంది, డయాఫ్రం కిందికి దిగుతుంది, గాలి తనంతట తానే లోపలికి వస్తుంది. వెంటిలేటర్ పని తిరగేసినట్టు ఉంటుంది. అది బయటి నుంచి గాలిని నెడుతుంది. నోట్లోంచి శ్వాసనాళంలోకి దించిన ట్యూబు గుండా ఆ గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నెట్టడం ఆగగానే ఛాతీ తన సాగే గుణంతో వెనక్కి ముడుచుకుని గాలిని బయటికి పంపేస్తుంది. లోపలికి పంపేటప్పుడే మిషన్‌కు శ్రమ. ఆ శ్రమనే పీడనంగా కొలుస్తారు, సెంటీమీటర్ల నీటి లెక్కలో. సన్నని గాజు గొట్టంలో నీటిని ఎన్ని సెంటీమీటర్లు పైకి నిలబెట్టగలదో అదే ఆ పీడనం.

ఈ శ్రమ ఒకప్పుడు మనుషుల చేతులకే తెలిసేది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలకు సరిపడా యంత్రాలు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టించి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పంపవచ్చని చూపించాడు. దాంతో వైద్య విద్యార్థులు వందల సంఖ్యలో, వంతులవారీగా, పగలూ రాత్రీ మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. గొట్టంలో కఫం చేరితే సంచి చేతికి గట్టిగా తగిలేది. ఇప్పుడు నొక్కేది మోటారు కాబట్టి ఆ గట్టిదనం మనకు అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె హద్దు దాటితే అలారం మోగుతుంది.

అంకె పెరిగిందంటే నెట్టడం కష్టమైందని అర్థం. ఎక్కడ కష్టమైందో మాత్రం ఆ ఒక్క అంకె చెప్పదు. దీనికి నేను సైకిల్ పంపును పోలికగా చెప్తాను. పంపు కొడుతుంటే చేతికి బరువుగా తగిలింది. వాల్వు దగ్గర మట్టి అడ్డుపడి ఉండొచ్చు, లేదా టైరు ఇప్పటికే గట్టిగా నిండి ఉండొచ్చు. చేతికి రెండూ ఒకలాగే తెలుస్తాయి. కొడుతూ కొడుతూ సగంలో పిడిని కదలనివ్వకుండా బిగబట్టి చూడండి. గాలి పారడం ఆగిపోయింది కాబట్టి ఇక వాల్వు దగ్గరి అడ్డం లెక్కలోకి రాదు. అప్పుడు మీటరు చూపేది టైరు లోపలి ఒత్తిడి ఒక్కటే. వెంటిలేటర్‌లోనూ ఇంతే. గాలి వేగంగా లోపలికి పోతున్నప్పుడు కనిపించే పెద్ద అంకె పీక్. ఊపిరి నిండాక ఒక్క క్షణం గాలిని బిగబట్టించి చూసే అంకె ప్లాటో. పీక్‌లో గొట్టం, ఊపిరితిత్తి రెండూ కలిసి ఉంటాయి. ప్లాటోలో ఊపిరితిత్తి, దాని చుట్టూ ఉన్న ఛాతీ మాత్రమే ఉంటాయి. రెంటి మధ్య తేడా గాలి దారిలో ఉన్న అడ్డం. పేషెంటు సొంతంగా గుంజుతూ ఉంటే ప్లాటో నిజం చెప్పదు, అతను నిమ్మళంగా ఉన్నప్పుడే చూడాలి. దాన్ని డాక్టరు చూస్తారా, నర్సు చూస్తుందా అన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో రకం. చూసినవాళ్లు చార్టులో రాస్తే చాలు.

ఇదంతా ఒక రాత్రి డ్యూటీలో ఎలా కనిపించిందో చెప్తాను. ఊరూ పేరూ వద్దు.

31 ఏళ్ల పత్తి రైతు. ఆదివారం సాయంత్రం మోనోక్రోటోఫాస్ తాగాడు. పత్తి, మిర్చి పండే జిల్లాల్లో ఐసీయూ డ్యూటీ చేసినవాళ్లకు ఈ కేసులు కొత్త కాదు. ఈ జాతి పురుగుమందు నరాలకూ కండరాలకూ మధ్య జరిగే సంకేతాలను చెడగొడుతుంది. మొదటి రోజు నోట్లో, ఊపిరితిత్తుల్లో నీళ్లు ఊరిపోతాయి. వాటిని ఆరబెట్టడానికి అట్రోపిన్ ఎక్కిస్తారు. ఆ గండం గడిచి మనిషి తేరుకుంటున్నాడనుకునే సమయంలో, తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలు పడిపోవచ్చు. దిండు మీంచి తల ఎత్తమంటే ఎత్తలేడు. మెడతోపాటు ఊపిరి కండరాలూ పడిపోతాయి. మనకు బుధవారం రాత్రి కనిపించిన మనిషి ఆ దశలో ఉన్నాడు. మనం అన్నది వింటున్నాడు, కళ్లతో జవాబిస్తున్నాడు, సొంతంగా మాత్రం ఊపిరి తీయలేడు. ట్యూబు వేసి మూడు రోజులైంది.

రాత్రి ఎనిమిదింటికి హ్యాండోవర్. ఆ బెడ్ కొత్తగా చేరిన ఒక అమ్మాయిది, నేను ఆ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. సెట్టింగులు ఇద్దరం కలిసి చదివాం. ఒక్కో ఊపిరికి 450 మిల్లీలీటర్లు, నిమిషానికి 16 ఊపిర్లు, ఆక్సిజన్ 40 శాతం, పీప్ 5. పీప్ అంటే గాలి బయటికి వెళ్లిపోయాక కూడా ఊపిరితిత్తుల గాలి గదులు పూర్తిగా మూసుకుపోకుండా కొంచెం ఒత్తిడి మిగిల్చడం.

"450 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

"బరువు బట్టి, అక్కా."

బరువు బట్టి కాదు, పొడవు బట్టి. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెద్దవి కావు. అందుకే ఎత్తు నుంచి ఒక ఊహా బరువు కడతారు. మగవారికి, ఎత్తు సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించి, దానికి 50 కలపాలి. ఆడవారికి 50 బదులు 45.5. ఇతను 168 సెంటీమీటర్లు. లెక్క కడితే 64 కిలోలు వస్తుంది. కిలోకు 7 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 450. పాడైన ఊపిరితిత్తులకు ఇంకా తగ్గించి, కిలోకు 6 ఇస్తారు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితం 2000లో వచ్చింది. తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తులకు కిలోకు 12 ఇచ్చినవాళ్లలో దాదాపు 40 శాతం మంది చనిపోతే, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. ఎక్కువ గాలి ఇస్తే ఎక్కువ మేలు అన్న నమ్మకం అక్కడితో పోయింది. ప్లాటో 30 దాటకుండా చూడాలన్న నియమం కూడా ఆ పరిశోధనలో పాటించినదే.

ఆ తర్వాత మిషన్ వదిలి మనిషి దగ్గరికి వచ్చాం. పెదవి దగ్గర ట్యూబు మీద ఏ అంకె ఉందో చూశాం. 22 ఉంది, పొద్దున చార్టులోనూ 22. ఈ అంకె మారితే ట్యూబు జారినట్టే. లోపలికి జారితే సాధారణంగా కుడివైపు ఊపిరితిత్తిలోకే పోతుంది, ఎందుకంటే కుడి శ్వాసనాళం ఎడమదాని కంటే నిటారుగా ఉంటుంది. స్టెతస్కోప్ పెట్టి రెండువైపులా గాలి చప్పుడు సమానంగా ఉందో లేదో విన్నాం. ట్యూబు కింది చివర చుట్టూ ఉండే గాలి బుడగను, అంటే కఫ్‌ను, మీటరుతో కొలిచాం. 20 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, 26 ఉంది. బయటి చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కి బాగానే ఉందనేవాళ్లను నేను చాలామందిని చూశాను. వేళ్లు తేడా పట్టలేవు. కఫ్‌లో గాలి తగ్గితే నోట్లో ఊరిన ఉమ్మి దాని పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఎక్కువైతే శ్వాసనాళపు లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. మంచం తల వైపు 30 డిగ్రీలకు పైగా ఎత్తి ఉంది. సక్షన్ గొట్టం చివర బొటనవేలు పెట్టి చూస్తే బాగా లాగుతోంది.

చివరగా అంబు బ్యాగ్. కరెంటు పోయినా, మిషన్ ఆగినా, కారణం దొరకకపోయినా చేత్తో ఊపిరి ఇవ్వడానికి ఉన్న సంచి అది. ప్రతి బెడ్‌కూ ఒకటి ఉండాలి. పక్క బెడ్‌ది తెచ్చుకోవచ్చులే అనుకోకూడదు. ఆక్సిజన్ గొట్టానికి తగిలించి ఉండాలి, మాస్కు కూడా పక్కనే ఉండాలి. ట్యూబే ఊడి బయటికి వచ్చేస్తే మాస్కు లేని సంచి దేనికీ పనికిరాదు. నేను రౌండ్‌కు వెళ్లిన చోటల్లా మొదట వెతికేది ఈ మాస్కునే. అది లేని బెడ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

అన్నీ అయ్యాక అమ్మాయి చార్టులో పీక్ 24 అని రాసింది. పక్కన ప్లాటో చూసి రాయించాను, 16. తేడా 8. ట్యూబు గుండా గాలి సాఫీగానే పోతోంది. హై ప్రెషర్ హద్దు 40 దగ్గర పెట్టి ఉంది.

పదింటికి పీక్ 27. పన్నెండింటికి 31. ఒంటిగంటకు 33. ఆ అమ్మాయి అన్నీ పొందికగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 40 దాటలేదు కాబట్టి అలారం మోగలేదు. అలారం మోగలేదు కాబట్టి ఎవరినీ పిలవలేదు. రాసిన వరుసను పైనుంచి కిందికి ఒకసారి చదివి ఉంటే ఐదు గంటల్లో 9 పెరిగిందని కనిపించేది. తప్పు ఆ అమ్మాయి ఒక్కదానిదే అనను. ఇన్‌ఛార్జిగా నేను పన్నెండింటికి ఆ బెడ్ దగ్గరికి రావాల్సింది. పక్క గదిలో కొత్త అడ్మిషన్‌తో ఇరుక్కుపోయాను.

రెండింటికి వచ్చాను. పీక్ 36. అంకె చూడగానే గాలిని బిగబట్టించి ప్లాటో చూశాం. 17. సాయంత్రానికీ ఇప్పటికీ ఊపిరితిత్తి మారలేదు. తేడా మాత్రం 8 నుంచి 19కి పెరిగింది. అడ్డం గాలి దారిలో ఉంది. మిషన్ గొట్టంలో మెలిక ఉండొచ్చు. పేషెంటు ట్యూబును కొరుకుతూ ఉండొచ్చు. లోపల కఫం ఉండొచ్చు. ఆస్తమాలోలా శ్వాసనాళాలు బిగుసుకుపోయి ఉండొచ్చు. చూడాల్సినవి ఈ నాలుగే.

ప్లాటో కూడా పీక్‌తోపాటు పెరిగి ఉంటే మా ఆలోచన వేరే దారిలో వెళ్లేది. ట్యూబు ఒకవైపు ఊపిరితిత్తిలోకి జారిందా అని పెదవి దగ్గరి అంకె చూసేవాళ్లం. ఊపిరితిత్తి చిల్లుపడి ఛాతీలోకి గాలి చేరిందేమోనని రెండువైపులా వినేవాళ్లం. ఆ గాలి లోపలే పేరుకుని గుండెను నొక్కేస్తే బీపీ పడిపోతుంది, ఆ వైపు ఛాతీ కదలదు, గాలి చప్పుడు వినిపించదు. అప్పుడు ఎక్స్‌రే కోసం కూర్చోకూడదు, డాక్టరును పరుగున పిలవాలి. ఊపిరితిత్తులు నీరు పట్టినా, కడుపు బాగా ఉబ్బి కిందినుంచి నొక్కినా ప్లాటో పెరుగుతుంది. రెండు అంకెల మధ్య తేడా చూడమని నేను పట్టుబట్టేది అందుకే. అది చూస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

మేం సక్షన్‌కు సిద్ధమవుతుండగానే అలారం మోగింది. తెర మీద పీక్ 40. వెంటనే రెండో అలారం, నిమిషానికి అందే గాలి తక్కువైందని. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఒత్తిడి ఎక్కువని ఒకటి మొత్తుకుంటోంది, గాలి తక్కువని ఇంకొకటి మొత్తుకుంటోంది, ఏది నమ్మాలి? రెండూ నిజమే. ఒత్తిడి హద్దును తాకగానే మిషన్ ఆ ఊపిరిని అక్కడికక్కడే ఆపేసి, వాల్వు తెరిచి గాలిని బయటికి వదిలేస్తుంది. ఊపిరితిత్తి పగలకుండా కాపాడటానికి చేసిన ఏర్పాటు అది. ఫలితంగా 450 అందాల్సిన చోట 260 అందుతోంది. 16 ఊపిర్లకు 7.2 లీటర్లు అందాల్సింది, 4.2 లీటర్లు మాత్రమే అందుతోంది. హై ప్రెషర్ అలారం మోగుతున్నంతసేపూ పేషెంటుకు గాలి చాలడం లేదని కొత్త సిస్టర్లు పుస్తకంలో గీత గీసి పెట్టుకోవాలి. మోత ఆపి రెండు నిమిషాలు ఊరుకోవడం ఎంత దూరం పోతుందో ఈ లెక్కలోనే ఉంది.

అమ్మాయి చెయ్యి మీట మీదికి వెళ్లింది. "ముందు మొహం చూడు" అన్నాను. నుదుటి మీద చెమట, కళ్లు పెద్దవి చేసి మమ్మల్నే చూస్తున్నాడు. ఛాతీ రెండువైపులా సమానంగానే లేస్తోంది గానీ కొంచెమే లేస్తోంది. శాచురేషన్ 97 నుంచి 91కి దిగింది. ట్యూబును కొరకడం లేదు. మెలిక లేదు. పిల్లికూతల్లాంటి చప్పుడు లేదు, అంటే శ్వాసనాళాలు బిగుసుకోలేదు. ఆక్సిజన్ 100 శాతానికి పెంచే మీట నొక్కి, డ్యూటీ డాక్టరును పిలిపించి, అతని చెవి దగ్గర చెప్పాం. "ట్యూబులో కఫం అడ్డుపడింది, తీస్తున్నాం, మీ పక్కనే ఉన్నాం." ట్యూబు స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి ఆ మనిషి అరవలేడు, అడగలేడు. చెప్పడం మన వంతే.

మిషన్ నుంచి విడదీసి అంబు బ్యాగ్ తగిలించాం. ఇది చికిత్సే కాదు, పరీక్ష కూడా. సంచి తేలిగ్గా నొక్కుకుని ఛాతీ బాగా లేస్తే తప్పు మిషన్‌లోనో దాని గొట్టాల్లోనో ఉంది. సంచి కూడా గట్టిగా ఉంటే తప్పు ట్యూబులోనో మనిషిలోనో ఉంది. సంచిని అమ్మాయి చేతికే ఇచ్చాను.

"గట్టిగుందక్కా. పోతలేదు."

సక్షన్ క్యాథెటర్ 12 నంబరుది. ట్యూబు లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు, క్యాథెటర్ అందులో సగం మించకూడదు. సగం మించితే పక్కనుంచి గాలి వెళ్లే దారి లేక ఊపిరితిత్తిలో ఉన్న గాలినంతా లాగేస్తుంది. లోపలికి పంపిస్తే 18 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. బలవంతంగా నెట్టలేదు. ట్యూబు పొడవే అంతకంటే ఎక్కువ, కాబట్టి క్యాథెటర్ ఇంకా ట్యూబులోనే ఉంది, అడ్డం కూడా ట్యూబులోనే. 15 సెకన్లు దాటకుండా లాగితే గట్టి జిగురు ముక్క కొంచెం వచ్చింది. మళ్లీ సంచితో ఊపిరి ఇచ్చి ఇంకోసారి చూశాం, అక్కడే ఆగింది. ఇక లాగుతూ కూర్చోవడం కాలం వృథా. అప్పటికి డాక్టరు వచ్చారు. ట్యూబు మార్చేశారు.

కొత్త ట్యూబుతో మిషన్ తగిలిస్తే పీక్ 23, ప్లాటో 16. శాచురేషన్ కాసేపటికి 97కు చేరింది.

తీసిన ట్యూబును అమ్మాయికి వెలుతురులో చూపించాను. లోపలి గోడ చుట్టూ ఎండిన కఫం పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఒక చోట సన్నని సందు మాత్రమే మిగిలింది. ఇది రాత్రికి రాత్రి జరిగింది కాదు, మూడు రోజుల పేరుకుపోత. కానీ గొట్టం ఇరుకయ్యే కొద్దీ అడ్డం నిదానంగా పెరగదు, ఒక్కసారిగా పెరుగుతుంది. గాలి సాఫీగా పారుతుందనుకున్నా, వెడల్పు సగమైతే అడ్డం 16 రెట్లవుతుంది. పదింటి నుంచి ఒంటిగంట దాకా మెల్లగా నడిచిన అంకె రెండు దాటాక ఉరకడం అందుకే.

ఎందుకు ఎండింది? ముక్కు చేసే పనిని ఎవరూ చేయలేదు కాబట్టి. మామూలుగా ముక్కు గాలిని వెచ్చబెట్టి, తడిపి లోపలికి పంపుతుంది. ట్యూబు ముక్కును దాటేసి వెళ్తుంది, సిలిండర్ నుంచో పైపు నుంచో వచ్చే గాలి పొడిది. అందుకని ట్యూబు దగ్గర ఒక చిన్న ఫిల్టర్ పెడతారు. బయటికి వచ్చే ఊపిరిలోని తడినీ వేడినీ పట్టి ఉంచి, లోపలికి పోయే గాలికి తిరిగి ఇస్తుంది. చాలామందికి అది చాలు. అట్రోపిన్ మీద ఉన్న మనిషికి చాలలేదు. ఊరే నీళ్లను ఆరబెట్టడమే ఆ మందు పని, నీరు తగ్గితే కఫం చిక్కబడుతుంది. సాయంత్రం నుంచి సక్షన్‌లో వచ్చింది కొంచెమేనని, తీగలా సాగిందని అమ్మాయి చార్టులోనే రాసి ఉంది. కఫం తగ్గిందని సంతోషించాం. తగ్గలేదు, గట్టిపడింది. ఇలాంటప్పుడు సెలైన్ పోసి పలచన చేద్దామని కొందరికి చెయ్యి వెళ్తుంది. ప్రతి సక్షన్‌కూ అలవాటుగా సెలైన్ పోయవద్దనే ఇప్పుడు చెప్తున్నారు. చిక్కదనానికి అసలు మందు గాలిని సరిగ్గా తడపడమే.

ఇక్కడ ఒక పక్కమాట, కానీ చిన్నది కాదు. ఈ మిషన్ ఇంకో పద్ధతిలో నడుస్తూ ఉంటే ఆ రాత్రి హై ప్రెషర్ అలారం మోగేదే కాదు. మా బెడ్‌లో ఉన్నది ఇన్ని మిల్లీలీటర్లు పంపు, ఒత్తిడి ఎంతైనా కానీ అనే పద్ధతి. ఇంత ఒత్తిడితోనే నెట్టు, ఎంత గాలి పోతే అంత అనే పద్ధతి ఇంకొకటి ఉంది. దాన్ని ప్రెషర్ కంట్రోల్ అంటారు. అందులో ట్యూబు పూడిపోతున్నా పీక్ మారదు, ఎందుకంటే అది మనం పెట్టిన అంకె. పడిపోయేది గాలి పరిమాణం. 450 కాస్తా 400, 340, 280 అవుతుంది. అక్కడ చార్టులో వరుసగా చదవాల్సింది ఆ అంకెను. తక్కువ గాలి హద్దును మరీ కిందికి పెట్టి ఉంచితే మిషన్ నోరు మెదపదు. అందుకే హ్యాండోవర్‌లో ఏ పద్ధతిలో నడుస్తోందన్నదే మొదటి మాట కావాలి.

ఒత్తిడి తక్కువన్న అలారం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, అది సూటిగా ఉంటుంది. ఎక్కడో గాలి కారిపోతోంది. గొట్టం ఊడింది, లేదా కఫ్‌లో గాలి తగ్గింది, లేదా ట్యూబే పైకి జరిగింది. మనిషి దగ్గర మొదలుపెట్టి, వేళ్లతో ప్రతి అతుకునూ నొక్కుకుంటూ మిషన్ దాకా వెళ్లాలి. ఊడిన చోటు కంటికి కనిపించేలోపు వేలికే తగులుతుంది. పేషెంటు నోట్లోంచి గురకలా, మాటలా చప్పుడు వస్తే కఫ్ పక్కనుంచి గాలి కారుతోందని అర్థం. "ఇవాళ మాట్లాడుతున్నాడు సిస్టర్" అని ఇంటివాళ్లు మురిసిపోతారు. పరుగెత్తాల్సింది అప్పుడే.

హద్దుల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. మోత భరించలేక హై ప్రెషర్ హద్దును 60కి పెంచి పెట్టిన బెడ్లు చూశాను. అలా పెట్టినవాళ్లను తిట్టబుద్ధి కాదు. ఒకే రాత్రి ఆరు బెడ్ల మధ్య వందసార్లు మోగే గదిలో చెవులు మొద్దుబారతాయి. కానీ హద్దును మిషన్ బట్టి కాదు, మనిషి బట్టి పెట్టాలి. అతని మామూలు పీక్‌కు 10 పైన పెట్టి, 40 దాటనివ్వకుండా చూడటం చాలా చోట్ల అలవాటు. ఆ లెక్కన మా రైతుకు సాయంత్రం హద్దు 34 దగ్గర ఉండాల్సింది. అది ఉండి ఉంటే అలారం ఒంటిగంట దాటగానే మోగేది. రాత్రంతా నేను తిరగేసి చూసుకున్నది ఈ ఒక్క అంకెనే. ఎనిమిదింటికి 40 అని చదివి, సరేనని తలూపింది నేనే.

ట్యూబు మార్చాక డాక్టరు ఫిల్టర్ తీయించి వేడి నీటి హ్యూమిడిఫయర్ పెట్టించారు. హద్దు 33కి దించాం. బయట కుర్చీలో మేలుకునే ఉన్న భార్యను పిలిచి రెండు నిమిషాలు లోపల నిలబెట్టాం. అతను ఆమెను చూసి కళ్లు మూసి తెరిచాడు.

నాలుగున్నరకు మళ్లీ మోగింది. ఈసారి ఒత్తిడి కాదు. మనిషి తనంతట ఊపిరి తీయలేని స్థితిలో ఉంటే, నిమిషానికి 28 ఊపిర్లని తెర చూపిస్తోంది. అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని మొదట మొహం చూసింది, తర్వాత ఛాతీ చూసింది, తర్వాత గొట్టం పొడవునా కళ్లు నడిపింది. మంచం అంచు దగ్గర గొట్టం వంగిన చోట నీళ్లు చేరి గలగలలాడుతున్నాయి. వెచ్చని తడిగాలి చల్లారి నీరైంది. ఆ నీటి అలజడిని పేషెంటు ఊపిరి తీసే ప్రయత్నంగా మిషన్ పొరబడి ఊపిరి మీద ఊపిరి పంపుతోంది. గొట్టాన్ని పేషెంటు వైపు ఎత్తకుండా, కిందికి దించి నీటి సీసాలోకి వంచింది. 28 కాస్తా 16కు దిగింది.

"గంటకోసారి వంచాలా అక్కా?"

"గలగలమన్నప్పుడల్లా" అన్నాను.